పెద్దమ్మకు ఆహ్వాన పత్రం (దిద్దిన ప్రతి)

ఇర్వింగ్, టెక్సాస్
12 జనవరి 2026

పూజ్యులైన పెద్దమ్మ గారికి,

శ్రావణి నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. మీరూ పెదనాన్న గారూ క్షేమమని తలుస్తాను.

డిసెంబరులో నేను పంపిన ఉత్తరాన్ని మీరు ఎర్ర సిరాతో దిద్ది ఫోటో తీసి పంపారు. దాన్ని దగ్గర పెట్టుకుని మళ్లీ రాశాను. ఇకమీదట ఈ ప్రతినే లెక్కలోకి తీసుకోండి, పాతది చించేయండి. ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పిన మీకు "ఆహ్వాణం" అని రాసి పంపినందుకు సిగ్గుగానే ఉంది.

మా పాప 2025 డిసెంబరు 3న పుట్టిన సంగతి మీకు తెలుసు. పాప అన్నప్రాశన 2026 ఏప్రిల్ 26, ఆదివారం ఉదయం మా ఇంట్లో జరపాలని నిశ్చయించాము. ఆడపిల్లకు బేసి నెల కావాలి కాబట్టి ఐదో నెల కుదిరింది. ఏడో నెలకు ఆగుదామంటే జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం అడ్డు వస్తోంది. ఈ శుభకార్యానికి మీరు మా ఇంటికి విచ్చేసి, పాపను ఆశీర్వదించి, కొన్నాళ్లు మాతో గడపవలసిందిగా నేనూ నా భర్త కిరణ్ సాదరంగా ఆహ్వానిస్తున్నాము.

మీరు 2026 ఏప్రిల్ 6, సోమవారం ఇక్కడికి చేరి, 2026 జూలై 5, ఆదివారం తిరుగు ప్రయాణం కావాలని మా కోరిక. అంటే మూడు నెలలు. పాత ఉత్తరంలో నేను ఇక్కడి అలవాటుకొద్దీ నెల ముందు వేసి 04/06/2026 నుంచి 07/05/2026 వరకు అని రాశాను. మన పద్ధతిలో చదివితే జూన్ 4న వచ్చి మే 7నే వెళ్లిపోయినట్టుంది! అందుకే ఈసారి ప్రతి తేదీకీ నెల పేరు అక్షరాల్లో రాశాను. మీ వీసా దరఖాస్తులోనూ ఇవే తేదీలు ఉండేలా చూస్తాను.

మీ రాకపోకల విమాన ఖర్చులు, ఇక్కడ ఉన్నన్నాళ్లు భోజన వసతులు, ఆరోగ్య బీమా మేమే భరిస్తాము. మీరు మా ఇంట్లోనే ఉంటారు. ఇక్కడ ఉన్నన్నాళ్లు మీరు ఎలాంటి ఉద్యోగమూ చేయరు. తెనాలిలో పెదనాన్న గారూ, సొంత ఇల్లూ, మీ పెన్షనూ ఉన్నాయి కనుక గడువులోగా తిరిగి వెళతారు. కిరణ్ జీతం వివరాలు, బ్యాంకు కాగితాలు, మా వీసా ప్రతులు, ఇంటి చిరునామా ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతికి జతచేశాము.

మీ రాక కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు
మీ
శ్రావణి

తా.క. ఇది మీకు మాత్రమే, వీసా ఫైల్లో పెట్టకండి.

పెద్దమ్మా, ఎప్పుడూ నువ్వు అనే నోటితో మీరు అని రాయడం నాకే ఎబ్బెట్టుగా ఉంది, కానీ నువ్వే అలా దిద్దావు. ఒక్కచోట మాత్రం నువ్వు వదిలేసినదాన్ని నేను మార్చాను. "పాపను చూసుకోవడానికి రండి" అని రాశాను కదా, అది తీసేశాను. చూసుకోవడం అంటే ఆయా పనికి పిలుస్తున్నారని అనుకోవచ్చు, విజిటర్ వీసా మీద పని చేయకూడదు. ఫిబ్రవరి 17న నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూలో ఎందుకు వెళుతున్నారని అడిగితే, మనవరాలిని చూడటానికి, అన్నప్రాశనకి అని చెప్పు. అదే నిజం కూడా. ఉత్తరం వాళ్లు అడిగితేనే ఇవ్వు, అసలు అడగకపోవచ్చు. నువ్వు టెన్షన్ పడి పాప డైపర్ల దాకా చెప్పేస్తావని కిరణ్ భయం!

ఇంకో తప్పు నీ పేరులో దొర్లింది. ఇంగ్లీషు ప్రతిలో నేను LAXMI అని కొట్టాను, నీ పాస్‌పోర్టులో LAKSHMI అని ఉంది. సరిచేశాను. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో ఇంకోసారి పంపు, అక్షరం అక్షరం సరిపోల్చుకుంటాను.

టికెట్లు వీసా వచ్చాకే కొంటాం. బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ అడుగుతాను, నడవగలను అని మొండికేయకు, విమానం మారే చోట చాలా దూరం ఉంటుంది. ఎన్నాళ్లు ఉండొచ్చో ఇక్కడ దిగాక ఎయిర్‌పోర్టులో ఆఫీసరే నిర్ణయిస్తాడు, కాబట్టి తిరుగు టికెట్ కాగితం చేతి సంచిలోనే పెట్టుకో.

గోంగూర పచ్చడి తెచ్చుకోవచ్చు, దిగాక కస్టమ్స్ వాళ్లకు తిండి పదార్థాలు ఉన్నాయని తెలియజేస్తే చాలు. పెదనాన్న ఎంత బతిమాలినా నాటుకోడి పచ్చడి మాత్రం వద్దు, మాంసం రానివ్వరు.