నూట ఇరవై పదాలు

ఫారంలో గడులన్నీ పది నిమిషాల్లో నింపేశాను. పేరు, ఊరు, బీకాం కంప్యూటర్స్ రెండో ఏడు, మార్కులు. చివరి గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. "మీ గురించి 120 పదాలు మించకుండా రాయండి." అంతే. సిటీలో ఆడవాళ్లు పనులకు ఎలా వెళ్లొస్తున్నారు, ఏ బస్సు కోసం ఎంతసేపు నిలబడుతున్నారు అని సర్వేలు చేసే చిన్న సంస్థ అది. రెండు నెలల ఇంటర్న్‌షిప్, నెలకు 8,000 ఇస్తారు. రాత్రి 12 లోపు పంపాలి. అప్పటికి ఏడున్నర.

మా సీనియర్ మౌనికక్క తన బయో వాట్సాప్ చేసింది, చూసి రాసుకో అని. డిబేట్ ప్రైజులు, కోడింగ్ క్లబ్, బెంగళూరులో వర్క్‌షాప్. అన్నీ ఆమె నిజంగా చేసినవే. వాటి బదులు నావి పెడదామంటే ఏం పెట్టాలో తోచలేదు, ఎందుకంటే కాలేజీ వదలగానే కోఠిలో బస్సెక్కి బోడుప్పల్ వచ్చేస్తాను, క్లబ్బులన్నీ ఏమో నాలుగు దాటాకే. అందుకని అందరూ రాసేదే రాశాను. కష్టపడి పనిచేస్తాను, కొత్తవి నేర్చుకోవాలని ఉంది, నలుగురితో కలిసిపోతాను. చదివి చూసుకుంటే మా క్లాసులో ఎవరి పేరు పెట్టినా సరిపోయేలా ఉంది. చెరిపేశాను. మళ్లీ అవే మాటలు అటూ ఇటూ మార్చి రాశాను. కడుపులో టెన్షన్ మొదలైంది.

ఎనిమిదిన్నరకు యాదగిరి అంకుల్ గుమ్మంలోకి వచ్చాడు. నాన్నలాగే క్యాబ్ నడుపుతాడు, మా వెనక గల్లీ. "బిడ్డా, జర ఇది చూడు" అని ఫోన్ చేతిలో పెట్టాడు. సూర్యాపేట కిరాయికి పోయొచ్చాడట, పంతంగి టోల్ దగ్గర ఫాస్టాగ్‌లోంచి ఒకే వైపు రెండుసార్లు డబ్బులు కట్ అయ్యాయి. మెసేజీలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. మధ్యలో నాలుగు నిమిషాలే తేడా. నాలుగు నిమిషాల్లో సూర్యాపేట పోయి రాలేం కదా, అదే రుజువు. రెండింటికీ స్క్రీన్‌షాట్ తీసి, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో కంప్లయింట్ పెట్టి, ఆ నంబరు ఆయన జేబులో ఉన్న పెట్రోల్ బిల్లు వెనక రాసిచ్చాను. పది నిమిషాలు పట్టిందేమో. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

అమ్మ చపాతీలు ఒత్తుతూ అంతా వింటూనే ఉంది. "పొద్దుమూకినకాడి నుంచి రాసుడు చెరుపుడు చేస్తున్నవ్. ఇప్పుడు చేసింది రాయరాదే?"

"ఇది ఇంటి పనమ్మా."

"మనింటిదా? యాదగిరన్నది గదా."

నేనేమీ అనలేదు. లేచి అల్మారాలోంచి నోటుబుక్కులు తీశాను.

అయిదు లాంగ్ నోటుబుక్కులు. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు నాన్న కొత్త బండి ఈఎంఐ రెండు నెలలు కట్టలేకపోయాడు. రోజూ పదమూడు గంటలు నడిపినా డబ్బులు ఎటు పోతున్నాయో ఆయనకే తెలియలేదు. అప్పటి నుంచి రాత్రి ఇంటికి రాగానే మీటర్ రీడింగ్ చెప్తాడు, నేను రాస్తాను. బండి తీసినప్పటి రీడింగ్, పెట్టినప్పటిది, ట్రిప్పులు, గ్యాస్, టోల్, చేతికొచ్చింది. మొదటి పుస్తకం అట్ట మీద పసుపు మరక, లోపల గీతలు స్కేలు లేక చేత్తో గీసినవి. రెండో పుస్తకంలో ఒక గడి ఎక్కువైంది. పైన నా రాతలో "లైన్" అని ఉంది, కింద 50, 65, 40, 70. గ్యాస్ బంకులో నాన్న వరసలో నిలబడ్డ నిమిషాలు అవి. ఆ గడి గీయమని నాకెవరూ చెప్పలేదు. ఒక నెల కూడితే ఇరవై ఆరు గంటలు తేలింది, అంటే రెండు పూర్తి రోజుల బండి. ఆ వారం నుంచి నాన్న తెల్లారి నాలుగున్నరకే గ్యాస్ పోయించుకోవడం మొదలుపెట్టాడు.

మూడో పుస్తకంలో ఎయిర్‌పోర్టు లెక్క. పెద్ద కిరాయి అని నాన్న రాత్రిళ్లు శంషాబాద్ ట్రిప్పుల వెంటే పడేవాడు. ఉప్పల్ నుంచి వెళ్తే చేతికి 620, తిరుగు కిరాయి దొరక్కపోతే రానూపోనూ 70 కిలోమీటర్లు, గ్యాసే 350. మిగిలేది 270, దానికి మూడు గంటలు. అదే మూడు గంటలు పొద్దున ఆఫీసు టైంలో ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ మధ్య తిరిగితే 400 దాకా మిగులుతున్నట్టు పేజీల్లోనే ఉంది. నాన్న మొదట నమ్మలేదు. నాలుగు వారాలు తేదీలతో చూపించాక రాత్రి ట్రిప్పులు తగ్గించాడు.

ఇంకొకటి ఉంది, అది పుస్తకంలో లేదు, నా మెయిల్‌లో ఉంది. వినాయక నిమజ్జనం రోజు ఒక ప్యాసింజర్, కావాలని చుట్టూ తిప్పాడని కంప్లయింట్ పెడితే క్యాబ్ యాప్ వాళ్లు నాన్న ఐడీ బ్లాక్ చేశారు. నాన్న వాళ్ల ఆఫీసుకు పోయి గంటలు గంటలు కూర్చొని వచ్చాడు, ఎవరూ మాట వినలేదు. ఆ రోజు ఏయే రోడ్లు మూసేశారో ట్రాఫిక్ పోలీసులు ముందే ఇచ్చిన ప్రకటన తీసి, ట్రిప్పు మ్యాపు పక్కన పెట్టి, నిమిషాలతో సహా మెయిల్ రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. నాలుగో మెయిల్‌కు, తొమ్మిదో రోజున ఐడీ తెరిచారు. ఆ తొమ్మిది రోజులు నాన్న బండి తుడుస్తూ గడిపాడు. దాన్ని నేనెప్పుడూ ఒక పని అనుకోలేదు, మా బాధ అనుకున్నాను.

పదిన్నరకు ముందు తెలుగులో రాసుకున్నాను, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోవచ్చని.

"మా నాన్న హైదరాబాద్‌లో పదేళ్లుగా క్యాబ్ నడుపుతున్నారు. అయిదేళ్లుగా ఆ బండి లెక్కలు రోజూ రాస్తున్నది నేను. గ్యాస్ వరసలో నెలకు 26 గంటలు పోతున్నాయని ఆ లెక్కల్లోనే కనిపెట్టాను, ఆ టైం మార్పించాను. పెద్ద కిరాయిల కంటే చిన్న ట్రిప్పుల్లో ఎక్కువ మిగులుతుందని నాలుగు వారాల లెక్కతో చూపించాను. నాన్న ఐడీ అన్యాయంగా ఆగిపోతే ఆధారాలు పోగుచేసి, తెరిచేదాకా రాశాను. మా గల్లీలో డ్రైవర్లు టోల్, ఇన్సూరెన్స్ కాగితాలు నా దగ్గరకు తెస్తారు, వాళ్లు చెప్పేది మధ్యలో ఆపకుండా వింటాను. రోజూ కోఠికి బస్సులో వెళ్లొస్తాను. స్టాపులో ఎదురుచూసే టైంను కూడా లెక్కలోకి తీసుకునే సర్వేలో పనిచేయాలని ఉంది."

పదకొండుంపావుకు కింద బండి ఆగిన చప్పుడైంది. నాన్న కాళ్లు కడుక్కొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చదివి వినిపించాను. చపాతీ తుంచినవాడు నోట్లో పెట్టుకోలేదు.

"క్యాబ్ డ్రైవర్ అని మొదట్లనే రాయాల్నా బిడ్డా? పెద్దపెద్దోళ్లు చదువుతరు."

"అది తీసేస్తే ఈ లెక్కలు ఎక్కడివో ఎట్ల తెలుస్తది నాన్నా?"

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ పప్పు వడ్డించింది.

"అయితే పదేళ్లు కాదు" అన్నాడు. "ట్రావెల్స్ బండి నడిపిన రెండేండ్లు మర్చిపోయినవ్. పన్నెండు అని రాయి."

పది కొట్టేసి పన్నెండు అని రాసి, ఇంగ్లీషులోకి మార్చడానికి కూర్చున్నాను. ఇంకా ముప్పై అయిదు నిమిషాలున్నాయి.