ఆన్‌లైన్ పేషెంట్ రిజిస్ట్రేషన్ ఫారం - అమ్మ తరఫున నింపినది

పేషెంట్ పేరు: సత్యవతి (ఐడీ కార్డులో ఉన్నట్టే, Satyavati)

పుట్టిన తేదీ: 14-08-1962. ఆడ.

బ్లడ్ గ్రూప్: బి పాజిటివ్, పాత రిపోర్ట్‌లో ఉన్నది. ఆపరేషన్‌కి ముందు ఎలాగూ మళ్ళీ చూస్తారు కదా, అప్పుడు వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి.

అడ్రస్, ఫోన్: అడ్రస్ ఐడీ కార్డులోదే, అప్‌లోడ్ చేశాను. ఫోన్ మాత్రం నాది, ఓటీపీ వచ్చిన నంబరే. అమ్మకి కుడి చెవి సరిగ్గా వినపడదు, ఫోన్‌లో చెప్పింది సగమే అర్థమవుతుంది, అందుకని రిపోర్టులూ టైమింగ్సూ అన్నీ ఈ నంబర్‌కే చెప్పండి.

ఎందుకు వస్తున్నారు: గాల్ బ్లాడర్‌లో రాళ్ళు. తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలై వీపులోకి పాకుతుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది. స్కానింగ్ రిపోర్ట్ జతచేశాను. లాపరోస్కోపీ గురించి సర్జన్ గారితో మాట్లాడాలి.

ఎమర్జెన్సీ కాంటాక్ట్ 1: శైలజ, పెద్దమ్మాయిని, ఈ ఫారం నింపుతున్నది నేనే. అమ్మ స్పృహలో ఉంటే నిర్ణయం ఆవిడదే, ముందు ఆవిడనే అడగండి. చెప్పలేని స్థితిలో ఉంటే నాకు చెయ్యండి, రాత్రి ఏ టైమైనా పర్లేదు.

ఎమర్జెన్సీ కాంటాక్ట్ 2: రమేష్, మా తమ్ముడు, అపాయింట్‌మెంట్ పేజీలో రెండో నంబర్ తనదే. షిఫ్ట్ డ్యూటీ కాబట్టి ఒకసారి ఎత్తకపోతే మళ్ళీ చెయ్యండి, మెసేజ్ కూడా పెట్టండి. నాన్నగారి నంబర్ కావాలనే ఇవ్వలేదు, ఆయన గుండె పేషెంట్, కంగారు కబురు నేరుగా ఆయనకి వెళ్ళకూడదు.

అలర్జీలు: దయచేసి ఈ బాక్స్ మొత్తం చదవండి. అమ్మకి అమాక్సిసిలిన్ పడదు. పంటి ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చినప్పుడు మొదటి మాత్ర వేసుకున్న అరగంటలోపే ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలూ కళ్ళ కిందా వాపు, ఊపిరి బిగబట్టినట్టు అయి క్యాజువాలిటీకి తీసుకెళ్తే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పటి డిశ్చార్జ్ కాగితం జతచేశాను. అందుకని పెన్సిలిన్ కుటుంబంలోది ఏదీ వద్దు, బ్రాండ్ పేరు వేరేగా ఉన్నా లోపల అమాక్సిసిలిన్ ఉంటే అదే లెక్క, క్లావులనేట్‌తో కలిపి వచ్చేవైనా, సెలైన్‌లో ఎక్కించే పైపరాసిలిన్ అయినా. ఆపరేషన్‌కి ముందు మామూలుగా ఇచ్చే సెఫలోస్పోరిన్ ఇంజెక్షన్ ఇవ్వచ్చా లేదా అన్నది మత్తు డాక్టర్ గారూ సర్జన్ గారూ ఈ రియాక్షన్ చూసే తేల్చాలి, వార్డులో టెస్ట్ డోస్ ఇచ్చి చూద్దాం అని మాత్రం అనొద్దు. చేతికి అలర్జీ బ్యాండ్ వేసి కేస్ షీట్ పైన పెద్ద అక్షరాల్లో రాయించండి.

ఇంకా: రొయ్యలు తింటే పెదాలు దురద పెడతాయి, అంతే. దానివల్ల సీటీ స్కాన్ కాంట్రాస్ట్ ఆపక్కర్లేదని డాక్టర్ గారే చెప్పారు, అయినా రాస్తున్నా. ప్లాస్టర్ టేపు ఎక్కువసేపు ఉంటే చర్మం ఎర్రబడి ఊడుతుంది, పేపర్ టేపు వాడండి. లాటెక్స్ గ్లోవ్స్‌తో ఏమీ రాలేదు.

అలర్జీ కానిది: మెట్‌ఫార్మిన్ మొదట్లో కడుపులో తిప్పేది, అది సైడ్ ఎఫెక్ట్, ఇప్పుడు బాగానే వేసుకుంటోంది. దీన్ని అలర్జీ కింద ఎక్కించొద్దు, ఊరికే మంచి మందు ఆగిపోతుంది.

ఇప్పుడు వాడే మందులు: మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ ఉదయం, రాత్రి తిన్నాక. బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ ఉదయం. థైరాయిడ్‌కి లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు పరగడుపున. రక్తం పలచబడే మందులు లేవు. ఆపరేషన్ రోజు ఏది వేసుకోవాలో ఏది ఆపాలో కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా చెబితే అమ్మ కంగారు పడుతుంది.

ఇన్సూరెన్స్: నా ఆఫీసు గ్రూప్ పాలసీ, అమ్మ డిపెండెంట్. మెంబర్ ఐడీ GH-40718823-03, కార్డు రెండువైపులా ఫొటో పెట్టాను. ఒక సంగతి, కార్డులో పేరు Satyavathi అని హెచ్ అక్షరంతో ఉంది, ఐడీలో హెచ్ లేదు. మా హెచ్‌ఆర్‌తో మార్పించడానికి రిక్వెస్ట్ పెట్టాను, ఈలోపు ఇద్దరూ ఒకరేనని వాళ్ళిచ్చిన లెటర్ జతచేశాను, క్యాష్‌లెస్ రిక్వెస్ట్‌తో పాటు ఇదీ పంపండి, లేకపోతే పేరు కలవలేదని క్వెరీ పడి డిశ్చార్జ్ రోజు కూర్చోవాల్సి వస్తుంది. తల్లిదండ్రులకి 10 శాతం కో-పే ఉంది, అది మేం కడతాం. రూమ్ రెంట్‌కి లిమిట్ ఉంది కాబట్టి దానికి మించిన రూమ్ ఇవ్వొద్దు, మించితే మిగతా బిల్లులో కూడా కోత పడుతుంది. షుగర్, బీపీ ముందునుంచీ ఉన్నవే, పాలసీలో చెప్పే ఉన్నాం. వేరే పాలసీ లేదు.

సమ్మతి: ట్రీట్‌మెంట్‌కీ క్లెయిమ్‌కీ కావలసిన రిపోర్టులు ఇన్సూరెన్స్ వాళ్ళకి ఇవ్వచ్చు. ప్రచార మెసేజ్‌ల బాక్స్ టిక్ చెయ్యలేదు.

వివరాలు ఇచ్చినది: శైలజ, కూతురు. నింపిందంతా అమ్మకి చదివి వినిపించాను, సరే అంది.