పాకల ఇంటి గోడలో దొరికిన చెక్క వస్తువు గురించి మ్యూజియం క్యూరేటర్ గారికి లేఖ

పాకల,
సింగరాయకొండ మండలం, ప్రకాశం జిల్లా.
12 నవంబరు 2025

క్యూరేటర్ గారికి,
బాపు మ్యూజియం, విజయవాడ.

విషయం: పాత ఇల్లు బాగుచేయిస్తుండగా బయటపడిన వస్తువు ఏమిటో తెలపవలసిందిగా విన్నపం.

అయ్యా / అమ్మా,

నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా అత్తగారి వైపు పాత ఇంటికి ఈ మధ్య మరమ్మతులు చేయిస్తున్నాం. ధాన్యం గది గోడకి పెచ్చులు కొడుతుంటే ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది. మేస్త్రి ఇటుకలు తీసి చూస్తే లోపల మూసేసిన గూడు. అందులో ముతక గుడ్డ చుట్టి, తాటినారతో కట్టిన చెక్క వస్తువు ఒకటి ఉంది. బంగారం కాదని తెలియగానే పనివాళ్ళకి దానిమీద ఆసక్తి పోయింది. నాకు మాత్రం అప్పుడే మొదలైంది.

పొడవు 38 సెంటీమీటర్లు, వెడల్పు 14, పిడి కాకుండా మందం 5. కిరాణా కొట్టు కాటా మీద రెండు కిలోల నూట యాభై గ్రాములు తూగింది. ముదురు ఎరుపు, బరువైన కర్ర. ఏ చెట్టుదో మా ఊరి వడ్రంగి కూడా ఖాయంగా చెప్పలేకపోయాడు. వెనకవైపు పిడిని చెక్కమేకులతో బిగించారు. ఇనుము ఎక్కడా లేదు. పిడి ఎడమ పక్క, బొటనవేలు ఆనే చోట, గుంటపడి నున్నగా అరిగింది. ఎవరో ఏళ్ళ తరబడి వాడిన వస్తువన్నమాట.

అసలు విశేషం ముందువైపు ఉంది. వేలి గోరు మునిగేంత లోతుగా మూడు గుర్తులు చెక్కారు. ఫోన్లో ఫోటో తీసి అడ్డంగా తిప్పి చూస్తే, మొదటిది మన 'రా' అక్షరం అని స్పష్టంగా తెలుస్తోంది. రెండోది తెలుగు అంకె ౩లా ఉంది, కానీ కింది కొస విరిగింది కనుక గట్టిగా అనలేను. మూడోది సున్నా, దాని మధ్య అడ్డగీత. అక్షరం తిరగేసి చెక్కారంటే ఇది దేనిమీదో అద్దడానికి చేసినదే. కలంకారీ అచ్చు అని మా తోడికోడలు అంది. అద్దకం అచ్చుకి ఇంత లోతు, ఇంత బరువు ఎందుకో నాకు అర్థం కావడం లేదు. చెక్కుడులో ఎక్కడా రంగు మరక కూడా లేదు.

ఎదురింటి పెద్దాయనకి చూపించాను. ఎనభై దాటినవారు, ఒకప్పుడు పెద్ద సేద్యం. చూడగానే "రాశి ముద్రమ్మా ఇది" అన్నారు. కళ్ళంలో ధాన్యం రాశి పోశాక, పంపకాలు అయ్యేదాకా రాత్రిళ్ళు ఎవరూ గింజ తీయకుండా రాశి చుట్టూ తడి బూడిదో మట్టో పెట్టి దానిమీద ముద్ర వేసేవారట. ఎవరైనా చెయ్యి పెడితే తెల్లారేసరికి ముద్ర చెదిరి దొంగతనం బయటపడేది. తన చిన్నప్పుడు ఇలాంటి పలకని చూశారట, అయితే దానిమీద అక్షరాలు కాక సూర్యచంద్రులు ఉండేవారన్నారు.

మా మామగారికి ఈ మాట బాగా నచ్చింది. నాకే ఇంకో అనుమానం ఉంది. మా ఊరు ఉప్పు కొటార్ల ఊరు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం తెచ్చినప్పటినుంచీ, 1947లో పన్ను తీసేసేదాకా, ప్రతి ఉప్పు కుప్పా సర్కారు లెక్కలోదే. ఆ కుప్పల మీద కూడా ఇలాంటి ముద్రలు వేసేవారా? మీకు తెలిసే ఉంటుంది. నేను ఉప్పు వైపు మొగ్గడానికి కారణం ఒకటుంది. మొన్న ముసురు పట్టినప్పుడు చెక్క పైభాగం పొడిగానే ఉంది, కానీ చెక్కుడు గాడుల్లో చెమ్మ దిగింది. ఆ గాడుల అంచుల్లో కర్ర పీచు లేచి మెత్తని నూగులా ఉంది, లోపల తెల్లటి పలుకులు ఇరుక్కుని ఉన్నాయి. గోడ సున్నమే రాలి పడిందేమో, సముద్రం గాలికి గోడలోకి ఉప్పు ఎక్కి అక్కడినుంచి చెక్కకి పట్టిందేమో కూడా. మా అబ్బాయి నాలుకతో తేల్చేస్తానని బయల్దేరితే ఆపాను. పలుకులు ఉన్నచోటే ఉంచాం, పరీక్ష మీరే చేయించండి.

ఉప్పు మాట ఎత్తితే మామగారి మొహం మారిపోతుంది. ఎందుకంటే వాళ్ళ తాతగారు కొటారులో గుమాస్తా చేశారని ఇంట్లో చెప్పుకుంటారు. సర్కారు ముద్ర గుమాస్తా ఇంటి గోడలో ఎందుకుంటుంది? దానికి జవాబు ఆయనకి ఇష్టం లేదు. నేనైతే ఎవరినీ దొంగని చేయాలనుకోవడం లేదు. పనికిరాదని పక్కన పడేసిన పాత ముద్రని తెచ్చుకుని దాచి ఉండొచ్చు, అసలది పొలం ముద్రే అయ్యుండొచ్చు. ఏదైనా తెలియడమే మంచిదని నా పట్టు. ఈ ఒక్క విషయంలో మామగారూ నేనూ ఇంకా రాజీకి రాలేదు.

కాలం గురించి నాకు తెలిసింది ఇంతే. ద్వారబంధం మీద 'విరోధికృత్' అని చెక్కి ఉంది. తాతగారు కట్టించిన ఇల్లు కనుక అది 1911-12 కావాలి, 1971 కాదు. గోడలు గానుగ సున్నంతో కట్టినవి. గూడు మూసిన ఇటుకలకి మాత్రం మట్టి పెట్టి పైన సన్నగా సున్నం పూశారు. అంటే గూడుని ఇల్లు కట్టాక ఎప్పుడో మూశారని మేస్త్రి అభిప్రాయం, నాకూ సబబుగానే ఉంది. మా ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా కందుకూరు తాలూకాలో ఉండేది, అందుకని ఉప్పు శాఖ కాగితాలు ఏవైనా వెతికితే నెల్లూరు జిల్లా పేరు కింద చూడాలి.

1878 నాటి నిధుల చట్టం నేలలోనే కాక, నేలకి అంటి ఉన్న కట్టడంలో దాచినదానికీ వర్తిస్తుందని, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలని చదివాను. దీని విలువెంతో మాకు తెలియదు కానీ, ఎందుకైనా మంచిదని తహసీల్దార్ ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఈలోగా పాత సామాన్లు కొనే ఒకాయన వచ్చి, నూనె పట్టించి మెరుగు పెడితే మంచి రేటు వస్తుందన్నాడు. నూనె మాట విన్నాక ఆయన్ని రెండోసారి గడప ఎక్కనివ్వలేదు. 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటితే పురావస్తువు అవుతుంది కదా, ఇది ఆ లెక్కలోకి వస్తుందో రాదో మీరు చెప్పాకే మిగతా మాట.

ప్రస్తుతం కడగకుండా, తుడవకుండా, ఉతికిన నూలుగుడ్డ మీద ఎండ తగలని గదిలో పెట్టాను. చుట్టి ఉన్న గుడ్డ, తాటినార విడిగా కాగితం సంచిలో ఉన్నాయి. ఈ చెమ్మకి ఇంకేమైనా జాగ్రత్త కావాలంటే ముందు అదొక్కటి రాయండి, మిగతా జవాబు ఆలస్యమైనా పర్వాలేదు. ఫోటోలు, తిప్పి చూసిన ఫోటో, నిజమైన కొలతకి గీసిన బొమ్మ జతచేశాను. ఫోన్ నంబరు కవరు వెనక రాశాను.

మ్యూజియానికి పనికొస్తుందంటే ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు, మామగారు కూడా అంతవరకు ఒప్పుకున్నారు. మా కోరిక ఒక్కటే, పక్కన పెట్టే చీటీలో పాకల పేరు ఉండాలి. మా ఇంటి పేరు వేయొద్దని మామగారి షరతు, నాది కాదు.

మీవాళ్ళు వచ్చి చూస్తామంటే సంక్రాంతి లోపు రావడం మంచిది. గూటి చుట్టూ నాలుగడుగుల గోడ ప్లాస్టరింగ్ చేయించకుండా ఆపాను. ఆ ముక్క వల్ల గదిలో సున్నాలు ఆగిపోయాయని మేస్త్రి రోజూ గొణుగుతున్నాడు.

ఇట్లు,
భవదీయురాలు,
కె. సుజాత