ఒకే బండ

కృష్ణ ఒడ్డున విజయపురి ఇక్ష్వాకుల రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆ లోయలోని ఒక విహారంలో రెండు చైత్యగృహాలు ఎదురెదురుగా ఉండేవి. ఒకదానిలో చిన్న స్తూపం, రెండోదానిలో నిలువెత్తు బుద్ధ విగ్రహం. విగ్రహం కొత్తది. అంతకు ముందు తరాల శిల్పులు బుద్ధుణ్ణి చెక్కాల్సిన చోట పాదముద్రలో, బోధివృక్షమో, ఖాళీ ఆసనమో చెక్కి ఊరుకునేవారు. అలా చూసి అలవాటుపడిన పెద్దలు కొందరు స్తూపానికి మొక్కి అటునుంచి అటే వెళ్ళిపోయేవారు.

విహారంలో పదకొండేళ్ళ సామణేరుడు, అంటే ఇంకా పూర్తి దీక్ష పొందని బాలుడు, ఒకడున్నాడు. వాడి గురువు ముసలాయన. రోజూ పొద్దున్నే విగ్రహం ముందు మోకాళ్ళు, మోచేతులు, నుదురు నేలకు ఆనించి మూడుసార్లు వందనం చేసేవాడు. మోకాళ్ళ నొప్పి వల్ల లేవడానికి చాలాసేపు పట్టేది. ఆ రోజు మూడుతో ఆపకుండా ఆరుసార్లు చేశాడు. కుర్రాడు ఇక ఉండబట్టలేకపోయాడు.

"భంతే, ఒకటి అడగనా?"

"అడుగు నాయనా."

"ఈ విగ్రహం చెక్కుతున్నప్పుడు నేను రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. మిగిలిన ముక్కతోనే గుమ్మం దగ్గర అర్ధచంద్ర శిల చేశారు. రెండూ ఒకే బండ. దాని మీద కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి దీనికి తల ఆనిస్తున్నాం. ఇదేం న్యాయం? బుద్ధుడు తన శిష్యుడు వక్కలితో 'ధర్మాన్ని చూసినవాడే నన్ను చూసినట్టు' అన్నాడని మీరే చెప్పారు కదా."

ముసలాయన నవ్వలేదు, కసురుకోనూ లేదు. విగ్రహం భుజం మీద నుంచి జారే చీవరం ముడతల వైపు చూశాడు. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయిలో ఆ ముడతలు ఒకదాని వెనుక ఒకటి మోకాళ్ళ దాకా దిగుతున్నాయి. కింది ముడతలో నిన్నటి పువ్వు ఒకటి ఇరుక్కుని ఎండిపోయింది. దాన్ని తీసి పక్కన పెట్టాడు.

"నేను సంఘంలోకి ఆలస్యంగా వచ్చాను, నీకు తెలుసుగా. అంతకు ముందు ఒక వర్తకుడి దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. సుంకం వసూలు చేసేవాడికి వంగేవాణ్ణి, సరుకు తొందరగా వదిలేవాడు. రాజోద్యోగికి వంగేవాణ్ణి, రేవులో మా పడవకు ముందు చోటు దొరికేది. ఎవరికి ఎంత వంగితే ఎంత గిట్టుబాటో నా వెన్నుకు కూడా తెలుసు."

"ఇక్కడ?"

"ఇక్కడికొచ్చాక ఉపసంపద, అంటే భిక్షువుగా పూర్తి దీక్ష, ముందు పొందినవాడికే ముందు వందనం. వయసు లెక్కలోకి రాదు. దీక్షలో నాకన్నా పెద్దయిన మన థేరుడు నా కొడుకు ఈడువాడు. ఆయనకు మొక్కాలంటే మొదటి ఏడాది నా మెడ వంగలేదు. చేతులు జోడించేవాణ్ణి, లోపల మాత్రం నిటారుగానే ఉండేవాణ్ణి. అది ఆయనకూ తెలిసేది. మాకిద్దరికీ ఇబ్బందిగా ఉండేది."

కుర్రాడు దగ్గరికి జరిగాడు.

"అప్పుడు ఇక్కడికి రావడం మొదలుపెట్టాను. ఈ రాయి నన్ను చూడదు. మెచ్చుకోదు. నా పనేదీ చేసి పెట్టదు. ఎంత వంగినా నాకు మిగిలేదేమీ ఉండదు. లాభం లేని చోట వంగడం నేను ఇక్కడే నేర్చుకున్నాను."

"అలాగైతే గుమ్మం దగ్గరి రాయికే మొక్కొచ్చు కదా?"

"మొక్కొచ్చు. కానీ దానికి మొక్కితే, చూడు నేనెంత వినయవంతుణ్ణో అని నన్ను నేనే మెచ్చుకుంటాను. ఈ ముఖం చూస్తే ఆ మాట అనుకోలేను. రాజ్యం వదిలి, ఇంటింటా భిక్ష అడిగి, పెట్టింది తిని, నలభై అయిదేళ్ళు ఊరూరా తిరిగి చెప్పిన మనిషి గుర్తొస్తాడు. నేను వదిలింది లెక్కల పుస్తకం ఒక్కటే. రాయి రాయే నాయనా, నువ్వన్నది నిజమే. నాకు గుర్తు చేయడానికి ఆ ఆకారం కావాలి. నీకు అక్కర్లేకపోతే ఎదురుగా స్తూపం ఉంది, అదీ వద్దనుకుంటే చెప్పింది ఆచరించు. చివరి ఘడియల్లో సాలవృక్షాల కింద పడుకుని బుద్ధుడు కోరిన పూజ అదే."

"ఇప్పుడు మీ మెడ వంగుతుందా?"

"చాలా రోజులు వంగుతుంది. నిన్న వంగలేదు."

"ఏమైంది?"

"పారాయణంలో ఒక పాదం వదిలేశాను. అందరి ముందూ థేరుడు సరిదిద్దాడు. నేను చదివిందే సరైనదని వాదించాను. రాత్రి పడుకున్నాక మళ్ళీ మనసులో చెప్పుకుంటే తేలింది, ఆయన అన్నదే సరి."

"అందుకేనా ఇవాళ ఆరుసార్లు?"

"అందుకే. ఇంకా ఆయన దగ్గరికి వెళ్ళలేదు." ముసలాయన చెయ్యి చాచాడు. "లేపు, మోకాలు పట్టేసింది. భిక్షకు బయల్దేరకముందే చెప్పి రావాలి."

కుర్రాడు ఆయన్ని లేపి గుమ్మం దాకా నడిపించాడు. "నేనూ రావచ్చా భంతే?" అని అడిగాడు. ముసలాయన కాస్త ఆలోచించి, "రా. కానీ నేను చెప్పేదాకా మధ్యలో మాట్లాడకు" అన్నాడు.