సంక్రాంతి సెలవులకు ముందు: ఇంట్లో కరెంటు, మేడ మీద గాలిపటం

(జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉదయపు ప్రార్థన సమావేశంలో విద్యుత్ శాఖ లైన్ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగం)

ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు నమస్కారం. పిల్లలూ, మీకు శుభోదయం.

రేపటి నుంచి మీకు సెలవులు. మాకు మాత్రం ఏడాదిలో అత్యంత తీరిక లేని రోజులు ఇప్పుడే మొదలవుతాయి. ఇరవై ఆరేళ్లుగా స్తంభాలెక్కి దిగుతున్న మనిషిని కనుక, నేను కళ్లారా చూసిన సంగతులే మీకు చెబుతాను.

ముందుగా ఒక్క విషయం అర్థం చేసుకోండి. మన ఇంటికి వచ్చే కరెంటు ఎప్పుడూ నేలలోకి పోవడానికి దారి వెతుకుతూ ఉంటుంది. ఆ దారి మీ శరీరం గుండా ఏర్పడితే మీకు షాక్ కొడుతుంది. తీగ మీద కూర్చున్న కాకికి ఏమీ కాకపోవడానికి కారణం దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉండటమే. అక్కడి నుంచి నేలకు దానికి దారి లేదు. మీరు మాత్రం ఎప్పుడూ నేల మీదో, నేలను అంటుకున్న గోడ పక్కనో, మేడ మీదో నిలబడి ఉంటారు.

ఇప్పుడు తడి చేతుల సంగతి చూద్దాం. పదో తరగతి వాళ్లు ఓమ్ నియమం చదివే ఉంటారు. చర్మం బాగా పొడిగా ఉన్నప్పుడు శరీరపు నిరోధం అనేక వేల ఓములు ఉంటుంది. తడిసినప్పుడు అది సుమారు వెయ్యి ఓములకు పడిపోవచ్చు. మన ఇళ్లలో సరఫరా 230 వోల్టులు. 230ని 1000తో భాగించండి. 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. మీ వరండాలో వెలిగే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తీసుకునేది సుమారు 40 మిల్లీ ఆంపియర్లే. అంత చిన్న బల్బును వెలిగించే కరెంటు కూడా గుండె గుండా పోతే ప్రాణం తీయగలదు. పైగా షాక్ తగిలినప్పుడు చేతి కండరాలు బిగుసుకుపోతాయి కనుక, పట్టుకున్న వస్తువును వదలాలని ఎంత అనుకున్నా చెయ్యి వదలదు.

ఈ చలి నెలల్లో నాకు అన్నిటికంటే భయం కలిగించే వస్తువు బకెట్‌లో వేసే వాటర్ హీటర్ రాడ్. భోగి నాడు తెల్లవారుజామున లేచి, నిద్రమత్తులో, రాడ్ పనిచేస్తూ ఉండగానే నీళ్లు కాగాయో లేదో అని వేలు ముంచి చూసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. రాడ్ లోపల చిన్న పగులు ఉంటే చాలు, ఆ బకెట్ నీళ్లకే కరెంటు వస్తుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, రాడ్‌ను బయటికి తీసిన తరువాతే నీళ్లను ముట్టుకోవాలి. స్విచ్ ఆపితే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగ్ చేసినవారు స్విచ్‌ను కరెంటు తెచ్చే ఫేజ్ తీగకు బదులు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ తీగకు కలిపి వెళ్లిపోతారు. అప్పుడు స్విచ్ ఆపినా రాడ్‌లో కరెంటు అలాగే ఉంటుంది.

ఇదిగో, ఈ ప్లగ్‌ను చూడండి. పోయిన వారం ఒక ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్నాను. ఒక పిన్ను చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారి, ఒక పక్క కరిగి జారింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కమురు వాసన వస్తుంది. సాకెట్‌లో పిన్ను వదులుగా ఉంటే ఆ సందులో వేడి పుడుతుంది. ఈ ప్లగ్ ఒక్కరోజులో ఇలా కాలేదు. ఆ ఇంటివాళ్లు ఆ వాసనను నెలల తరబడి పీలుస్తూనే ఉన్నారు, వంటింటి వాసన అనుకున్నారు.

మూడు పిన్నుల ప్లగ్‌లో పై పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది ఎర్త్ పిన్ను. పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే చివర విడవాలి. ఫ్రిజ్, గ్రైండర్, ఇస్త్రీ పెట్టె వంటి వాటి ఇనుప ఒంటికి పొరపాటున కరెంటు తగిలితే, మీ శరీరం కంటే తేలికైన దారి ఒకటి నేలకు చూపించడమే దాని పని. రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని ఆ పిన్నును కటింగ్ ప్లేయర్‌తో విరిచేసిన ఇళ్లను నేను లెక్కలేనన్ని చూశాను. ప్లగ్ లేదని వైరు కొసలను చెక్కి, సాకెట్‌లో దూర్చి, కదలకుండా అగ్గిపుల్లలు గుచ్చే వాళ్లూ ఉన్నారు. ఆ తెలివిని చూస్తే నాకు నవ్వు రాదు, కోపం వస్తుంది. పగిలిన ప్లగ్‌ను, చెక్కుకుపోయిన వైరును మీరు బాగు చేయకండి. పెద్దవాళ్లకు చూపించి మార్పించండి. టేపు చుట్టడం ఆ పూటకు మాత్రమే. మీటరు దగ్గర, కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయే ఎంసీబీ స్విచ్ ఉందిలే అని కూడా ధీమా పడకండి. అది వైరింగ్‌ను కాపాడుతుంది. మనిషిని కాపాడటానికి, వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే పడిపోయే ఆర్సీసీబీ స్విచ్ కావాలి. ఈ మాట ఇంట్లో అమ్మానాన్నలకు తప్పకుండా చెప్పండి.

ఎవరికైనా షాక్ కొట్టి వాళ్లు వస్తువుకు అతుక్కుపోతే చేత్తో లాగవద్దు. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. అది అందకపోతే, పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో విడిపించమని పెద్దవాళ్లను పిలవండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక గాలిపటాలు. వీధి స్తంభాల మీద మీకు కనిపించే 11 కేవీ తీగల్లో పదకొండు వేల వోల్టులుంటాయి. వాటి మీద రబ్బరు తొడుగేమీ ఉండదు, అవి ఉత్త అల్యూమినియం తీగలు. మంచుకు తడిసిన నూలు దారం గుండా కూడా కరెంటు దిగుతుంది. లోహపు పొడి పూసిన మాంజా అయితే చెప్పనే అక్కరలేదు. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారాన్ని, గాజు పొడి పూసిన సింథటిక్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. పక్షుల రెక్కలు, బండి మీద పోయేవారి మెడలు కోస్తున్నందుకు వచ్చిన నిషేధం అది.

గాలిపటం తీగలకు చిక్కితే, దారాన్ని మీ చేతిలోంచి వదిలేసి పక్కకు జరగండి. గుంజితే రెండు తీగలు ఊగి ఒకదానికొకటి తగులుతాయి, నిప్పురవ్వలు లేస్తాయి, ఒక్కోసారి తీగే తెగి కింద పడుతుంది. ఇనుప చువ్వతోనో, కొక్కెం కట్టిన పచ్చి వెదురుగడతోనో దాన్ని అందుకోవాలని చూడటం ఇంకా ప్రమాదం. పదకొండు వేల వోల్టుల తీగను తాకనక్కరలేదు, బాగా దగ్గరకు పోయినా కరెంటు దూకుతుంది. కరెంటు పోయింది కదా, ఇప్పుడు తీసుకోవచ్చు అనుకోకండి. ఏ క్షణాన వస్తుందో మీకు తెలియదు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే ఆ లైనుకు సరఫరా ఆపామన్న మాట, తీసుకోనిదే మేము కూడా స్తంభం ఎక్కం. తెగిపడిన తీగ కనబడితే దూరంగా నిలబడి, అటు ఎవరినీ పోనివ్వకుండా చూస్తూ, విద్యుత్ శాఖ నంబరు 1912కి ఫోన్ చేయించండి.

మీ ఆటస్థలం వెనక గోడ మీదుగా పోయే లైనుకు ఎర్రతోక ఉన్న పతంగి ఒకటి వేలాడుతున్నది. నేను లోపలికి వస్తూ చూశాను. ఈ మధ్యాహ్నం లైన్ క్లియర్ తీసుకుని మా వాళ్లు దాన్ని దింపుతారు. అది ఎవరిదైతే వాళ్లు నాలుగు గంటలకు ఆఫీసు గది దగ్గరికి వచ్చి తీసుకోండి, ఎవరూ తిట్టరు. ఈ కాలిన ప్లగ్‌ను సైన్సు గదిలో ఉంచి వెళుతున్నాను. వరుసగా వచ్చి చూడండి.