ఆదివారం ఉత్తరం

చలికాలంలో అక్క అమెరికాలోని విచిటాలో శనివారం రాత్రి తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే మాకిక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. ఆ లెక్క నాన్నకి కంఠతా వచ్చు. తొమ్మిదిన్నరకల్లా నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని రేపల్లెలో స్టేషన్ దగ్గరి నెట్ సెంటర్‌కి చేరేవాడు. ఫోన్ లైన్ కలిసేదాకా ఆ డబ్బా కీచుమంటూ ఉంటే, బయట బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చునేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. నేను ప్రింటు తీయించి, కాయితం మడిచి ఇస్తే జేబులో పెట్టుకునేవాడు. దార్లో ఒక్క ముక్కయినా చూసేవాడు కాదు.

నాన్న ముప్పయ్యేళ్ళు మా ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు. చదువు రానివాళ్ళ ఉత్తరాలన్నీ మా అరుగు మీదే విప్పేవాళ్ళు. ముందే చూసుకుని చదివేవాడు ఏదో ఒకటి దాచిపెడతాడని నాన్న నమ్మకం. రాసినవాళ్ళు ఏం రాశారో అదే చదవాలి, మాట కలపకూడదు, తీయకూడదు. చావు కబురున్న చోటికి వచ్చేసరికి మాత్రం ఆగి, "కాసిని మంచినీళ్ళు" అనేవాడు. ఆ మాట వినగానే అరుగు మీద అందరూ సర్దుకుని కూర్చునేవాళ్ళు.

2001లో అక్క ఎమ్మెస్‌కి వెళ్ళాక, నాన్న రిటైరయ్యాక, ఆ అరుగుకి మళ్ళీ పని దొరికింది. అక్క ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. టెలిగ్రాములు చూసిన కళ్ళు కాబట్టి నాన్నకి అవి లెక్కలోవి కావు. "ఉభయకుశలోపరి" అని గొంతెత్తి మొదలుపెడితే బజారు చివర్న చుట్ట కాల్చుకునే సుబ్బయ్య తాత కూడా లేచి వచ్చేవాడు.

అక్క ఊరి కోసమే రాసేది. విచిటాలో ప్రతి సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ మోగిస్తారట, సుడిగాలి వస్తే హెచ్చరించే యంత్రం పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి. అది చదివిన రోజు అరుగు మీద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. "1977 ఉప్పెన నాడు మనకీ అట్టాంటిది కూసుంటే..." అని ఆగిపోయింది నాగరత్నం పిన్ని. ఆవిడ పుట్టిల్లు దివిసీమ.

2003 జనవరి మొదట్లో అక్క ఇంకోటి రాసింది. అక్కడ గోధుమ మన వినాయక చవితి దాటాక విత్తుతారట. పైరు జానెడన్నా లేవకుండానే దాని మీద మంచు పడుతుందట. సుబ్బయ్య తాతకి ఆ వారమంతా నిద్ర పట్టలేదు. మంచు కింద పైరు ఎట్టా బతుకుద్దో అడిగి రాయమని నా వెంటపడ్డాడు. అడిగి రాశాను.

ఆ రోజుల్లోనే శేషయ్య బాబాయి సంబంధం తెచ్చాడు. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. వాళ్ళడిగినదానికి కాలవ గట్టు రెండెకరాలు పోతుంది. కోటేశ్వరరావు బయానా ఇవ్వడానికి గురువారం వస్తానన్నాడు. అక్క ఫోన్లో వద్దనబోతే "నీకెందుకమ్మా ఇవన్నీ, చదువుకో, కార్డు అయిపోద్ది" అని నాన్నే పెట్టేశాడు. అమ్మ పక్కనే ఉంది. ఏమీ అనలేదు.

ఆ ఆదివారం అరుగు నిండింది. శేషయ్య బాబాయి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నాన్న కాయితం విప్పాడు.

"ఉభయకుశలోపరి. నాన్నా, దీన్ని మీరు అరుగు మీద చదువుతారని తెలిసే రాస్తున్నాను."

సుబ్బయ్య తాత నవ్వాడు. నాన్న కళ్ళు తర్వాతి వరస మీదికి వెళ్ళాయి. ఆగాడు.

"కాసిని మంచినీళ్ళు."

అమ్మ గుమ్మం పట్టుకుంది. నా గుండె జారిపోయింది. అక్కకి ఏమయిందో అనుకున్నాను. నాగరత్నం పిన్ని పరుగున వెళ్ళి చెంబు తెచ్చింది. నాన్న రెండు గుక్కలు తాగి చదివాడు.

"కాలవ గట్టు పొలం నా పెళ్ళికి అమ్మొద్దు. శేషయ్య బాబాయి మన మంచి కోరే తెచ్చాడు, ఆయన మీద కోపం లేదు. ఆ అబ్బాయి మీదా లేదు. కానీ పొలం అడిగే ఇంటికి నేను వెళ్ళను."

"చాల్లే అన్నయ్యా," అన్నాడు బాబాయి, కుర్చీ వెనక్కి నెట్టి. "ఇది ఇంటి విషయం. మిగతాది లోపల చదువుకోండి."

నాన్న తలెత్తాడు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే. అవమానం ఉంది అందులో. కోపమూ ఉంది. కాయితం మడిచి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు.

"ఇంతమంది ఉత్తరాలు ఇక్కడ పూర్తిగా చదివాన్రా శేషయ్యా. నీ తమ్ముడు మిలట్రీలో పోయాడన్న కబురూ ఇక్కడే చదివా. నా కూతురు రాసింది సగంలో ఆపనా?"

బాబాయి లేచి వెళ్ళిపోయాడు. నాన్న చదువుతూనే ఉన్నాడు. గొంతు ఒకటి రెండు చోట్ల పట్టేసింది, దగ్గి సవరించుకున్నాడు.

"మినుము చల్లేటప్పుడు అమ్మ నన్ను ఎత్తుకుని ఆ గట్టు మీదే నిలబడేదని చెప్తుంది. అది పోతే అమ్మ పైకి ఏడవదు. మీరూ ఏడవరు. నాకు మాత్రం ఇక్కడ అన్నం దిగదు. మేలో చదువు అయిపోతుంది. టిక్కెట్టుకి తెచ్చిన అప్పు నేను తీరుస్తాను. పెళ్ళి వద్దనడం లేదు. ఇట్లా వద్దంటున్నాను."

తర్వాత గోధుమ సంగతి వచ్చింది. మంచు దుప్పటిలా కప్పి చలిగాలి తగలకుండా కాస్తుందట. అయినా కొంత చలి తగలకపోతే వసంతంలో వెన్నే రాదట. జూన్‌లో కోత. మిషన్లవాళ్ళు టెక్సాస్ నుంచి కోసుకుంటూ ఉత్తరానికి వెళ్తారట. నాన్న అదీ అక్షరం వదలకుండా చదివాడు. సుబ్బయ్య తాత తల ఊపాడు గానీ, ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

అందరూ వెళ్ళాక నాన్న అమ్మ వైపు చూశాడు.

"ఊరందరి ముందూ ఎందుకట్టా రాసింది? నా ఒక్కడికి రాస్తే సరిపోదా?"

"నీ ఒక్కడికి ఫోన్లో చెప్పిందిగా," అంది అమ్మ.

నాన్న చాలాసేపు కాయితం పట్టుకుని కూర్చున్నాడు. భోజనం చేయలేదు. మూడింటికి చొక్కా వేసుకుని సైకిల్ తీశాడు. ఒకే రోజు రెండోసారి రేపల్లె వెళ్ళడం అదే మొదలు.

నెట్ సెంటర్లో బల్ల మీద కూర్చోలేదు. లోపలికి వచ్చి కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కున్నాడు. "నువ్వు చెప్పు, నేను కొడతా" అన్నాను. వద్దన్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక్క వేలితో కొట్టాడు. గంట దాటింది. నేను పక్కన నిలబడి చదివాను.

"ఉభయకుశలోపరి. పొలం అమ్మడం లేదు. కోటేశ్వరరావుని గురువారం రావద్దన్నాను. శేషయ్యకి కోపం వచ్చింది, వాడి ఇంటికి రేపు నేనే వెళ్తాను. ఫోన్లో నువ్వు చెప్పబోయినప్పుడు వినకపోవడం నా తప్పు. అప్పు నేను చేసింది, నేనే తీరుస్తాను, దాని గురించి పస్తులుండకు. నీ ఉత్తరాలు ఇక ముందు కూడా అరుగు మీదే చదువుతాను, నువ్వు జంకకుండా రాయి. అమ్మ అన్నం తిన్నావా అని అడగమంది. ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతుందో రాయడం మర్చిపోయావు, సుబ్బయ్య తాత ఎట్లాగూ అడుగుతాడు."