అక్కకు ఉత్తరం

కాకినాడ

అక్కా,

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. హాల్లో అత్తయ్యగారు ఉంటారు. పైగా నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, నన్ను చూసి నువ్వూ మొదలుపెడతావు, అసలు సంగతి ఎటో పోతుంది.

ఒంట్లో బాగానే ఉంది. గర్భం పోయి డీ అండ్ సీ చేశాక బ్లీడింగ్ మెల్లగా తగ్గి ఆగిపోయింది. మొన్న పీరియడ్ కూడా వచ్చింది. ఒళ్లు దారిలో పడిందని సంతోషించాలో, ఇక నిజంగానే ఏమీ మిగల్లేదని ఏడవాలో తెలీక బాత్రూమ్‌లో చాలాసేపు కూర్చుండిపోయాను.

స్కూటీ నడపడం వల్లే అని ఒకరు, బొప్పాయి తినుంటావని ఇంకొకరు. నాకూ అనుమానం పట్టుకుని డాక్టరమ్మను అడిగేశాను. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో ఎక్కువ భాగం పిండంలో క్రోమోజోములు సరిగ్గా లేకపోవడం వల్లేనట, బండి నడిపినందుకు గర్భం పోదని గట్టిగా చెప్పింది. ఒక్కసారికే పెద్ద పెద్ద టెస్టులు అక్కర్లేదంది. థైరాయిడ్ మాత్రం చూసింది. టీఎస్‌హెచ్ 5.6 ఉంటే టాబ్లెట్ ఇచ్చింది, ఇప్పుడు 2.1కి దిగింది. పరగడుపునే అది, రాత్రి ఫోలిక్ యాసిడ్.

మీ మరిది సంగతి చెప్పాలి. ఆస్పత్రిలో కంటతడి పెట్టలేదని నేను లోపల రగిలిపోయానా, మొన్న ఇన్సూరెన్స్ కోసం బండి కాగితాల కవరు తీస్తే ఆర్‌సీ వెనక మొదటి స్కాన్ ఫొటో ఉంది. నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు. ఆ రాత్రే ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం.

దసరా వెళ్లాక మళ్లీ ప్రయత్నిద్దామనుకుంటున్నాం. అమ్మ ఆరు నెలలు ఆగమంటోంది. డాక్టరమ్మ మాత్రం ఒక పీరియడ్ మామూలుగా వచ్చి, మనసు కుదుటపడితే చాలంది. కుదుటపడిందా అంటే ఏం చెప్పను? భయం ఉంది. కానీ కావాలనే ఉంది. "ఇంకోటి పుడితే అన్నీ మర్చిపోతావులే" అనే వాళ్లంటే మాత్రం ఒళ్లు మండుతోంది. దీన్ని మర్చిపోవడానికి కాదు కదా నేను ఇంకో బిడ్డను కనేది.

ఈసారి నెల తప్పితే నీకొక్కదానికే చెప్తాను. మూడో నెల నిండేదాకా అమ్మకు కూడా వద్దు. పోయినసారి ఊరంతా చెప్పింది, తర్వాత ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పుకోలేక చచ్చాను. బావగారికి చెప్పుకో, ఆయన నోరు జారరు.

ఇంకోటి. నా దగ్గర చిన్నిగాడి ఊసే ఎత్తడం మానేశావు. నేను బాధపడతానని కాబోలు. వాడికి పన్ను ఊడిందని వదిన చెబితే తెలిసింది నాకు! అలా చెయ్యకే. వాడి ఫొటోలు పంపు, చూడలేని రోజు నేనే వద్దంటాను.

నెల తప్పితే ఏడో వారం దాటాక డాక్టరమ్మ స్కాన్‌కు రమ్మంటుందట. ఆ గదిలోకి మళ్లీ వెళ్లాలంటే కాళ్లు ఆడవు, నువ్వు రావాల్సిందే. సెలవులన్నీ పెళ్లిళ్లకు ఖర్చు పెట్టేయకుండా రెండు ఉంచు.

నీ చెల్లి,
సుధ